“ఎప్పుడైనా సరే సర్” అంటే జవాబు ఎందుకు రాలేదు: సీనియర్‌కు రాసిన మొదటి సందేశంపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని అమ్మాయి ఆంధ్రలోని ఒక జిల్లా కాలేజీలో ఈసీఈ చదివింది. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంతో బెంగళూరు చేరి, రెండేళ్లకు పైగా ఒక సర్వీసెస్ కంపెనీలో అప్లికేషన్ సపోర్ట్ చేస్తోంది. ఉండేది మారతహళ్లి పీజీలో, పని మూడు షిఫ్టుల్లో. చదివిన చదువుకు దగ్గరగా ఉండే చిప్ డిజైన్ వెరిఫికేషన్‌లోకి, అంటే చిప్ తయారీకి వెళ్లేముందే డిజైన్‌లో తప్పులు పట్టే పనిలోకి మారాలన్నది ఆమె కోరిక. ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు లక్ష రూపాయల పైన అడుగుతోంది. అంత డబ్బు కట్టే ముందు, అదే పని చేస్తున్న కాలేజీ సీనియర్ ఎవరితోనైనా కాసేపు మాట్లాడాలనుకుంది. గుర్తుపట్టే వివరాలు మార్చి, సందేశాల చుట్టూ జరిగినది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

సీనియర్లను వెతకడం కష్టం కాలేదు. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీకి వెళ్లి, పూర్వ విద్యార్థుల విభాగంలో ఊరు బెంగళూరు అని పెట్టి, ‘వెరిఫికేషన్’ అన్న మాటతో వడపోస్తే కొన్ని పేర్లు వచ్చాయి. వాళ్లలో ఒకాయన ప్రొఫైల్ ఆమెకు బాగా దగ్గరగా అనిపించింది. ఆయన కూడా మొదటి మూడేళ్లు వేరే పని చేసి, తర్వాత వెరిఫికేషన్‌కు మారారు. ఇప్పుడు ఒక ప్రొడక్ట్ కంపెనీలో టీమ్ లీడ్. బ్యాచ్ తేడా పదేళ్ల పైనే. ఈ కేసు ప్రధానంగా ఆయనకు రాసిన సందేశం గురించి.

వచ్చిన సమస్య

సందేశం సరిచేయడానికి మా దగ్గరికి వచ్చేసరికే ఆమె ముగ్గురు సీనియర్లకు రాసింది. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు “రెజ్యూమె చూశాను” అన్నారు. తమ కంపెనీ ఉద్యోగాల పేజీ లింక్ ఇచ్చి ఊరుకున్నారు. మూడో ఆవిడ “ఈ వారం చాలా బిజీ అమ్మా” అన్నారు, మాట అక్కడే ఆగింది. “సీనియర్లకు మనమంటే పట్టదు” అని ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. మాకు అలా అనిపించలేదు. ముగ్గురిలో ఇద్దరు జవాబిచ్చారంటే మనసు లేక కాదు. ఆ జవాబులు ఎటు పోయాయో చూస్తే లోపం సందేశంలోనే కనబడుతోంది.

ఆమె పంపినదాని సారం ఇది. అసలు ఇంగ్లీషులో ఉంది, కింద విషయాన్ని తెలుగులో ఇస్తున్నాం:

“గౌరవనీయులైన సర్‌కి నమస్కారాలు. మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు క్షమించండి. నేను మన కాలేజీ విద్యార్థినిని. ప్రస్తుతం సపోర్ట్‌లో ఉన్నాను. నాకు వీఎల్‌ఎస్‌ఐ చిప్ డిజైన్ అంటే చాలా ఇష్టం. ఈ రంగంలోకి ఎలా రావాలో దయచేసి గైడ్ చేయండి. ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడితే నా జీవితానికి దారి దొరుకుతుంది. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎప్పుడైనా సరే సర్, నేను ఖాళీనే. రెజ్యూమె జత చేశాను. 20వ తేదీ లోపు కోర్సు ఫీజు కట్టాలి కాబట్టి త్వరగా చెప్పగలరు.”

ఇందులో వినయానికి లోటు లేదు. అయినా చదివేవాడికి నాలుగు చోట్ల బరువు పడుతుంది.

మొదటిది రెజ్యూమె. జత చేసిన రెజ్యూమె కనబడగానే పై మాటలన్నీ పక్కకు పోయి, ఇది రిఫరల్ అడిగే సందేశమన్న ముద్ర పడుతుంది. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్లకు అలాంటివి తరచూ వస్తాయి, వాటికి చేతిలో సిద్ధంగా ఉండే జవాబు ఉద్యోగాల పేజీ లింకే. రెండో సీనియర్ చేసింది అదే. ఆయన తప్పించుకోలేదు, అడిగారనుకున్నదానికి జవాబిచ్చారు.

రెండోది “ఎలా రావాలో గైడ్ చేయండి” అన్న ప్రశ్న. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే గంట పడుతుంది. అందుకే పక్కన రాసిన “ఐదు నిమిషాలు” ఎవరూ నమ్మరు. మన దగ్గర ‘ఒక్క ఐదు నిమిషాలు’ అంటే ఎంతో అందరికీ తెలుసు. ప్రశ్న పెద్దదైనప్పుడు సమయం చిన్నదిగా రాస్తే, ఆ సమయం మీద నమ్మకం పోతుంది.

మూడోది 20వ తేదీ. ఆ గడువు ఆమెది, సీనియర్‌ది కాదు. దాన్ని మొదటి సందేశంలో పెడితే, తాను ఆలస్యం చేస్తే ఒకరి డబ్బు నష్టపోతుందన్న భారం ముక్కూమొహం తెలియని మనిషి మీద పడుతుంది. ‘నా జీవితానికి దారి’ అన్న మాటదీ అదే బరువు.

నాలుగోది, ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది, “ఎప్పుడైనా సరే.”

మొదట చేసిన మార్పు, అది విఫలమైన తీరు

రెజ్యూమె, గడువు, క్షమాపణలు తీసేయడానికి ఆమె వెంటనే ఒప్పుకుంది. సమయం దగ్గర మాత్రం గట్టిగా నిలబడింది. ఎప్పుడైనా సరే అనడం కన్నా మర్యాద ఇంకేముంటుందని ఆమె వాదన. వినడానికి నిజమే. కానీ అవతలివాళ్ల వైపు నుంచి చూస్తే, అది ఎంపిక పని మొత్తాన్ని వాళ్లకే అప్పగిస్తుంది. క్యాలెండర్ తెరవాలి, ఖాళీ వెతకాలి, తేదీ రాయాలి, అది ఈమెకు కుదురుతుందో లేదో మళ్లీ జవాబు కోసం చూడాలి. ఆ పని ఇప్పుడు వద్దు, తీరికగా చేద్దాం అనుకుంటారు. సందేశం కిందికి జారిపోతుంది.

ఆమె విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. “నేను ఖాళీనే” అన్నది నిజం కాదు. ఉదయం 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 10, రాత్రి 10 నుంచి 6, ఇలా షిఫ్టులు మారుతుంటాయి. డ్యూటీలో ఉండగా ఫోన్ లాకర్లో పెట్టాలి. సీనియర్ నిజంగానే “రేపు సాయంత్రం 4కి” అని ఉంటే, రెండో షిఫ్ట్ వారంలో ఆమె ఎత్తలేకపోయేది. ముందు ఎప్పుడైనా అని, తర్వాత కుదరదనడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉండదు.

దాంతో ఆమె రెండో కొసకు వెళ్లింది. వేరే బ్యాచ్ సీనియర్ ఒకరికి “రేపు సాయంత్రం 7:30కి గానీ శనివారం ఉదయం 10కి గానీ మాట్లాడగలరా?” అని రాసింది. జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత “సర్, ఎనీ అప్‌డేట్?” అని మళ్లీ పంపింది. దానికీ రాలేదు.

ఇక్కడ తప్పిన లెక్క బెంగళూరు పని గంటలది. అమెరికా టీమ్‌లతో పనిచేసే లీడ్‌లకు సాయంత్రాలు ఖాళీగా ఉండవు. కాలిఫోర్నియాలో ఉదయం 8 అంటే వేసవిలో మనకు రాత్రి 8:30, చలికాలంలో 9:30. ఆ కాల్స్‌కు ముందు ఇంటికి చేరడం, భోజనం, పిల్లలు అన్నీ సాయంత్రం 7, 8 మధ్యే. సాయంత్రం 7:30 జూనియర్‌కు ‘ఆఫీసు అయిపోయిన టైమ్’, సీనియర్‌కు రోజులో అతి ఇరుకైన టైమ్. పైగా ‘రేపు’ అన్న మాట. సందేశం రెండో రోజు చూస్తే ఒక ఎంపిక అప్పటికే గడిచిపోయి ఉంటుంది. మిగిలిన ఒక్కటీ కుదరకపోతే ‘కుదరదు’ అనడం తప్ప ఆయనకు దారి లేదు. చాలామంది ‘కుదరదు’ అని రాయడానికి మొహమాటపడి మౌనంగా ఉంటారు. “ఎనీ అప్‌డేట్” అన్నది ఆ మొహమాటాన్ని ఇంకా పెంచింది. అది బాకీ ఉన్నవాళ్లను అడిగే మాట.

ఎలా తిరగరాశాం

ఈసారి మొదటి మాట రాయకముందే ఆమె షిఫ్ట్ రోస్టర్ తెరిచి కూర్చున్నాం. నాలుగు వారాల రోస్టర్ ఒకేసారి ఇస్తారు. దాని ప్రకారం ఆమె ఖాయంగా మాట్లాడగలిగిన వేళలు వెతికితే రెండు దొరికాయి. వచ్చే మూడు శనివారాల ఉదయాలు పూర్తిగా ఖాళీ. ఆ మూడు వారాల్లో రెండింటిలో ఆమెకు రెండో షిఫ్ట్ కాబట్టి, మంగళ, గురువారాల్లో ఉదయం 8 నుంచి 10 దాకా కుదురుతుంది. ఉదయం 8 నుంచి 10 ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికా కాల్స్ రాత్రి దాకా ఉండే టీమ్‌లలో ఉదయం మీటింగులు తక్కువ. ఆ వేళ చాలామంది అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లోనో కంపెనీ బస్సులోనో ఉంటారు. “ప్రయాణంలో మాట్లాడండి” అని మాత్రం రాయకూడదని నిర్ణయించాం. ఆయన సొంతంగా బండి నడుపుతారేమో మనకు తెలియదు. ఆ మాట ఆయనే అనాలి.

విడి టైమ్‌లకు బదులు వెడల్పైన వేళలు, ఒక వారానికి బదులు మూడు వారాలు: ఈ మార్పుతో ఎంపిక తేలికైంది, తొందర పోయింది. “గురువారం” అన్న ఒక్క మాట రాస్తే చాలు, జవాబు పూర్తయినట్టే. క్యాలెండర్ లింక్ పెడదామా అని ఆమె అడిగింది, వద్దన్నాం. సహాయం అడుగుతున్న మనిషే తన క్యాలెండర్‌లో చోటు బుక్ చేసుకోమన్నట్టు ఉంటుంది. వయసు తేడా ఉన్నచోట అది ఇంకా కొడుతుంది.

నిడివి 15 నిమిషాలు అని రాశాం. అరగంట అంటే అది మీటింగ్, క్యాలెండర్‌లో పెట్టుకోవాలి. పావుగంట రెండు పనుల మధ్య సందులో పడుతుంది. అది నమ్మేలా ఉండాలంటే ప్రశ్నలు పావుగంటలో తేలేవి కావాలి, కాబట్టి అసలు శ్రమంతా అక్కడ పడింది. ఆమె దగ్గర తొమ్మిది ప్రశ్నల జాబితా ఉంది. ఏ పుస్తకంలోనో కోర్సు పేజీలోనో దొరికేవి కొట్టేశాం. మిగిలినవాటిలో, జవాబును బట్టి ఆమె నిర్ణయం మారేవి రెండే. సపోర్ట్‌లో చేసిన రెండేళ్లను వెరిఫికేషన్ టీమ్‌లు అనుభవంగా లెక్కిస్తాయా, ఫ్రెషర్‌గానే చూస్తాయా అన్నది మొదటిది. వారానికి పది గంటలు మాత్రమే దొరికే మనిషి, వెరిఫికేషన్‌లో వాడే భాష సిస్టమ్‌వెరిలాగ్, దాని మీద కట్టిన పద్ధతి యూవీఎమ్‌లలో దేని మీద సొంత ప్రాజెక్ట్ చేసి చూపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని పట్టించుకుంటారు అన్నది రెండోది. ఈ రెంటికీ టీమ్‌లోకి మనుషులను తీసుకున్న అనుభవం ఉన్నవాళ్లే జవాబు చెప్పగలరు. ఆయనకే ఎందుకు రాస్తున్నామో విడిగా పొగడ్తలతో చెప్పాల్సిన అవసరమూ తప్పింది.

పిలుపు గురించి కాసేపు తర్జనభర్జన జరిగింది. హాస్టల్ అలవాటుతో ‘అన్నా’ అని రాస్తే దగ్గరితనం వస్తుందని ఆమె అనుకుంది. ఒకే కాలంలో క్యాంపస్‌లో ఉన్న సీనియర్‌కైతే అది సహజం. పదేళ్ల తేడా ఉండి, ఎప్పుడూ కలవని మనిషిని మొదటి వాక్యంలోనే అన్నను చేస్తే, కాదనడం ఆయనకు కష్టమవుతుంది. మనం ఇవ్వాలనుకున్నది కాదనే వీలు. అందుకని పేరు, పక్కన ‘గారు’. ‘గౌరవనీయులైన సర్’ సెలవు చీటీలా ఉంటుంది కాబట్టి దాన్నీ వదిలేశాం.

ఇక పంపే దారి. కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరు ఉంది. అక్కడినుంచి తీసి విడిగా రాయొద్దన్నాం. నంబరు గ్రూపు కోసం ఇచ్చినది, పైగా వాట్సాప్‌లో సందేశం చూసినట్టు నీలం టిక్కులు పడితే జవాబివ్వక తప్పని ఒత్తిడి వస్తుంది. లింక్డ్‌ఇన్‌లో ఆమె ఉచిత ఖాతాకు ఆహ్వానంతో పాటు రాసే నోట్ 200 అక్షరాలే. అందులో ఏమీ అడగకుండా, ఏ కాలేజీ, ఏ బ్రాంచ్, వెరిఫికేషన్ వైపు ఆసక్తి అన్నది మాత్రం రాసింది. ఆయన ఆహ్వానం అంగీకరించిన మర్నాడు అసలు సందేశం వెళ్లింది:

“నమస్తే ... గారు, కనెక్ట్ అయినందుకు థాంక్స్. నేను మన కాలేజీ ఈసీఈ, మీకు చాలా జూనియర్ని. బెంగళూరులోనే రెండేళ్లుగా అప్లికేషన్ సపోర్ట్‌లో ఉన్నాను, వెరిఫికేషన్‌కు మారాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మీరు కూడా మూడేళ్ల తర్వాత మారారని ప్రొఫైల్‌లో చూసి రాస్తున్నాను.

రెండు విషయాలు అడగాలని ఉంది: సపోర్ట్ అనుభవాన్ని మీలాంటి టీమ్‌లు ఎలా చూస్తాయి, వారానికి పది గంటలతో ఎలాంటి ప్రాజెక్ట్ చేస్తే పనికొస్తుంది. రిఫరల్ కోసం కాదు.

ఫోన్లో 15 నిమిషాలు చాలు. వచ్చే మూడు వారాల్లో ఏ శనివారం ఉదయమైనా, లేదా 9 నుంచి 19 తేదీల మధ్య మంగళ, గురువారాల్లో ఉదయం 8–10 మధ్య నాకు కుదురుతుంది. మీకు వేరే వేళ నయమైతే చెప్పండి, షిఫ్ట్ చూసుకుని వెంటనే చెప్తాను. కాల్ కష్టమైతే ఆ రెంటిలో ఒకదానికి ఇక్కడే రెండు ముక్కలు రాసినా చాలు. ఇప్పుడు వీలుకాకపోతే ఫర్వాలేదండీ.”

‘రిఫరల్ కోసం కాదు’ అన్న మూడు మాటలు పెట్టాలా వద్దా అని ఆమె తటపటాయించింది. తర్వాత ఎప్పుడైనా రిఫరల్ అడగాల్సి వస్తే అని ఆమె అనుమానం. మా జవాబు: ఆ మాట రాస్తే ఈ సంభాషణలో అడగకూడదు, అంతే. అది నిజంగా పాటించేట్టయితేనే రాయాలి.

చివరి వాక్యం కూడా రెండుసార్లు మారింది. మొదట “మీరు కాదన్నా నేను ఏమీ అనుకోను” అని రాసింది. అందులో ఆమె మనసు ఎలా ఉంటుందన్న ప్రస్తావన ఉంది, దాంతో ఆయన ఆమె మనసు గురించి ఆలోచించాలి. “ఇప్పుడు వీలుకాకపోతే ఫర్వాలేదండీ” అన్నదాంట్లో ‘ఇప్పుడు’ అన్న మాట తలుపు మూయకుండా ఉంచుతుంది, ఆమె భావాలు మధ్యలోకి రావు. ఇలాంటి వెసులుబాటు ఒక్కసారే ఇవ్వాలి. అదే సంగతి మూడుసార్లు రాస్తే బతిమాలినట్టుంటుంది. కాల్‌కు బదులు రెండు ముక్కలు రాసే దారి ఇవ్వడమే అసలు వెసులుబాటు, ఎందుకంటే ఆయన కాల్‌కు ఒప్పుకోకుండానే సాయం చేయగలుగుతారు.

జరిగింది

ఎనిమిది రోజులు ఏమీ రాలేదు. రెండో రోజే మళ్లీ రాయాలని ఆమె ఆరాటపడింది. ఆపాం. సందేశంలో మూడు వారాలు అని రాసి మూడో రోజున గుర్తుచేస్తే, ఆ మూడు వారాలు ఉత్తమాటే అవుతుంది. ఇచ్చిన వేళల్లో కనీసం సగం మిగిలి ఉండగానే ఒక్కసారి గుర్తుచేయాలన్నది మేం పెట్టుకున్న లెక్క, లేకపోతే గుర్తుచేసినా ఎంచుకోవడానికేమీ ఉండదు. తొమ్మిదో రోజు ఉదయం ఇది వెళ్లింది: “నమస్తే ... గారు, పై సందేశం పనుల్లో కిందికి పోయి ఉంటుందని మళ్లీ రాస్తున్నాను. వచ్చే రెండు శనివారాలు, ఈ గురువారం, వచ్చే మంగళ, గురువారాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. కుదరకపోతే వదిలేయండి, మళ్లీ గుర్తుచేయను.”

ఆ రాత్రే జవాబు వచ్చింది. టేపవుట్ హడావిడిలో ఉన్నానని, వచ్చే గురువారం ఉదయం 8:45కి క్యాబ్‌లో ఉంటానని, అప్పుడు ఫోన్ చేయమని నంబరు ఇచ్చారు. టేపవుట్ అంటే పూర్తయిన చిప్ డిజైన్‌ను తయారీకి పంపే ఘట్టం. తర్వాత తప్పు బయటపడితే సరిదిద్దడానికి నెలలు, కోట్లు పడతాయి కాబట్టి, దానికి ముందు వారాల్లో వెరిఫికేషన్ టీమ్‌కు ఊపిరి సలపదు. ఇది బయటివాళ్లకు తెలిసే అవకాశం లేదు. ‘ఈ వారం’ అని అడిగి ఉంటే ఈయన కూడా ‘బిజీ’ అనే ఉండేవారు.

గురువారం ఆమె 8:45కే ఫోన్ చేసింది. “నమస్తే అండీ, ఇప్పుడు మాట్లాడొచ్చా, ట్రాఫిక్‌లో ఇబ్బందేమైనా ఉందా?” అని ముందు అడిగింది. పదమూడో నిమిషంలో “చెప్పిన టైమ్ అయిపోతోంది, ఆపమంటారా?” అంది. “క్యాబ్ ఇంకా సిల్క్ బోర్డ్ దాటలేదమ్మా, అడుగు” అని ఆయన ఇంకో పది నిమిషాలు మాట్లాడారు. తమ టీమ్‌లో ఆ రెండేళ్లను వెరిఫికేషన్ అనుభవంగా లెక్కించమని నేరుగా చెప్పారు. ముందు వచ్చిన డేటాను వచ్చిన వరుసలోనే బయటికి పంపే ఫిఫో అనే చిన్న సర్క్యూట్‌కు సొంతంగా టెస్ట్‌బెంచ్, అంటే దాన్ని పరీక్షించే కోడ్ రాసి, ఏయే సందర్భాలు పరీక్షించిందో, దొరికిన తప్పు ఎలా పట్టుకుందో చెప్పగలిగే స్థితికి వచ్చాక కోర్సు సంగతి ఆలోచించమన్నారు. ఆ 20వ తేదీకి ఆమె ఫీజు కట్టలేదు.

తర్వాతి సందేశాలకు పట్టుకెళ్లినవి

ఇదే రూపంలో ఇంకో ఇద్దరికి రాసింది. ఒకరు కాల్ వద్దని నాలుగు వాక్యాలు రాశారు. ఆ నాలుగు వాక్యాలూ పనికొచ్చాయి. ఇంకొకరు రెండు సందేశాలకూ పలకలేదు, మాట ఇచ్చినట్టే మూడోది పంపలేదు. ముగ్గురినీ వేర్వేరు కంపెనీల్లో ఎంచుకున్నాం. ఒకే టీమ్‌లో ఇద్దరికి ఒకే సందేశం వెళితే వాళ్లు మధ్యాహ్నం టీ దగ్గర పోల్చుకుంటారు, రాసిన ప్రతి మాటా అచ్చు నమూనాలా కనబడుతుంది.

మార్చాల్సి వచ్చినవి కూడా ఉన్నాయి. పెళ్లయి చిన్న పిల్లలున్నారని తెలిసిన సీనియర్‌కు శనివారం ఉదయాల బదులు పనిరోజు భోజన వేళ ముందు పెట్టాం. కాలిఫోర్నియాలో ఉన్న ఒక పూర్వ విద్యార్థినికి రాసేటప్పుడు మన శనివారం ఉదయం 8 గంటలను అలాగే రాయలేదు. వేసవిలో అది అక్కడ శుక్రవారం సాయంత్రం 7:30. వారమంతా పని చేసి ఇంటికి చేరిన వేళ అది. దానికి బదులు మన ఆదివారం ఉదయం 8:30 నుంచి 10:30 ఇచ్చి, పక్కనే “మీకు శనివారం రాత్రి 8 నుంచి 10” అని ఆవిడ గడియారం లెక్కలో రాశాం.